నిన్నటి రేటును ఓడించడం ఎందుకంత కష్టం

మొన్న మళ్లీ ఒకరు నాకు గ్రాఫ్ పంపారు. యూరో-డాలర్ అసలు రేటు ఎర్ర గీత, వాళ్ల మోడల్ చెప్పిన రేటు నీలి గీత. రెండూ కవలల్లా అంటుకుని నడుస్తున్నాయి. జూమ్ చేసి చూశాను. ఎర్ర గీత ఎగిరిన మరుసటి రోజు నీలి గీత ఎగురుతోంది. ఎర్రది పడ్డ మరుసటి రోజు నీలిది పడుతోంది. నీలి గీతను ఒక్క రోజు వెనక్కి జరిపితే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ మోడల్ నేర్చుకున్నదల్లా నిన్న ఎంతుందో ఈరోజూ అంతే అని చెప్పడం.

అదే రాండమ్ వాక్. దానికి నిన్నటి రేటు తప్ప వేరే డేటా అక్కర్లేదు, లెక్కగట్టాల్సిన గుణకాలూ లేవు. కానీ 1983లో రిచర్డ్ మీస్, కెన్నెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు ఆనాటి పేరున్న మోడళ్లను దానితో పోటీకి దింపితే, నెల నుంచి ఏడాది ముందు వరకు వేసిన అంచనాల్లో అవి దాన్ని దాటలేకపోయాయి. డాలర్‌కు మార్క్, పౌండ్, యెన్‌లతో ఉన్న రేట్ల మీద జరిగిన పరీక్ష అది. నన్ను ఇప్పటికీ కుదిపేసే విషయం ఇంకొకటుంది. డబ్బు సరఫరా, వడ్డీ రేట్లు లాంటివి తర్వాత నిజంగా ఎంతయ్యాయో ఆ అంకెలనే మోడళ్లకు ఇచ్చారు. ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చినా ఫెయిలైనట్టు!

దీన్ని చూపించి "మారకపు రేటుకు కారణాలే లేవు, అంతా జూదం" అనేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. కారణాలు ఉన్నా సరే, రేటు రాండమ్ వాక్‌లాగే కనిపించగలదు. 2005లో చార్లెస్ ఎంగెల్, కెన్నెత్ వెస్ట్ అనే ఆర్థికవేత్తలు చూపించింది ఇదే. ఈరోజు రేటులో ఈరోజు పరిస్థితుల వాటా చిన్నది, రేపటి రేటు మీద జనం వేసుకున్న అంచనాల వాటా చాలా పెద్దది. 5, 95 శాతాలు అనుకుందాం:

```
s(t) = 0.05*f(t) + 0.95*E[s(t+1)]
```

ఇక్కడ s రేటు, t ఈ నెల, t+1 వచ్చే నెల, f దాని వెనకున్న ఆర్థిక కారణం, E అంటే ఈరోజు వేసుకున్న అంచనా. ఒక నెల fలో వచ్చిన మార్పులో సగం వచ్చే నెలకూ కొనసాగుతుందనుకోండి. ఎవరూ అనుకోకుండా f 1 పెరిగింది. తర్వాత 0.5, ఆ తర్వాత 0.25, ఇలా చివరికి మొత్తం 2 పెరుగుతుంది. ఈ సంగతి మార్కెట్‌కు తెలుసు కాబట్టి అది ఆగదు. లెక్క చేస్తే రేటు ఆ మొదటి నెలలోనే 1.9 ఎగిరిపోతుంది. రాబోయే నెలలన్నిటికీ కలిపి మిగిలేది 0.1 మాత్రమే.

చూడండి, f వచ్చే నెల మార్పులోని హెచ్చుతగ్గుల్లో, అంటే వేరియన్స్‌లో, 25 శాతాన్ని ముందే చెప్పగలం. కానీ అదే f నుంచి పుట్టిన రేటు మార్పులో చెప్పగలిగేది 0.1 శాతం కూడా కాదు, దాదాపు 0.08. రేటు కారణాన్ని పూర్తిగా వింటోంది, మనకంటే ముందే వినేసింది.

ఇక్కడే రెండో దెబ్బ. ఆ 0.08 శాతాన్ని అందుకోవాలంటే, ఈ నెల f మార్పు వచ్చే నెల రేటును ఎంత కదుపుతుందో చెప్పే గుణకం మనకు తెలియాలి. తెలియదు కాబట్టి డేటా నుంచి లెక్కగడతాం. 100 నెలల డేటాతో ఒక్క గుణకం లెక్కగడితే, ఆ లెక్కలోని పొరపాటు వల్లే అంచనా తప్పుల వర్గాల సగటు, అంటే సగటు స్క్వేర్డ్ ఎర్రర్, సుమారు 1 శాతం పెరుగుతుంది. లాభం 0.08, ఖర్చు 1. మోడల్ అక్షరాలా నిజమైనదే, అయినా ఓడిపోతుంది. లాభనష్టాలు సమానం కావాలన్నా దాదాపు 1200 నెలలు, అంటే 100 ఏళ్ల డేటా కావాలి. అది కూడా ఆ వందేళ్లూ గుణకం మారకుండా ఉంటేనే! సున్నా గుణకాలున్న రాండమ్ వాక్‌కు ఈ ఖర్చే లేదు. అందుకే మోడల్‌లో ఇంకో నాలుగు వేరియబుల్స్ చేర్చామని ఎవరైనా గొప్పగా చెబితే నాకు టెన్షన్ మొదలవుతుంది.

గ్రాఫ్ పంపేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. రేటు కాదు, రేటులో మార్పును చూపించండి. మోడల్ చూడని కాలంలో దాని ఎర్రర్‌ను రాండమ్ వాక్ ఎర్రర్‌తో భాగించండి. 1 కంటే తక్కువ వస్తే మాట్లాడుకుందాం. మొన్నటి గ్రాఫ్‌కు ఆ లెక్క చేస్తే 1 దాటింది.

దూరం చూస్తే కొంత ఆశ ఉంది, కాదనను. రెండు దేశాల ధరల తేడాతో సరిచూసిన రేటు దారి తప్పితే, ఆ తప్పిన దూరంలో సగం పూడటానికి 3 నుంచి 5 ఏళ్లు పడుతుందని చాలా అధ్యయనాలు లెక్కగట్టాయి. 4 ఏళ్లే అనుకోండి. ఒక కరెన్సీ 20 శాతం అధికంగా ఉంటే, వచ్చే నెల తగ్గాల్సింది 0.3 శాతం. స్వేచ్ఛగా కదిలే ప్రధాన కరెన్సీలు మామూలుగా నెలకు 2, 3 శాతం అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపులో 0.3ను ఏ గ్రాఫ్‌లో వెతుక్కుంటాం?