అన్‌డ్యూ డిలే అంటే ‘అనవసర ఆలస్యం’ అని చెప్పింది నేనే

తప్పు నాది కాబట్టి ముందు అది ఒప్పుకుని మొదలెడతాను. గవర్నర్‌పేటలో మా ఆఫీసుకి చిన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇంగ్లీషు కాగితాలు పట్టుకొస్తారు. చదివి, తెలుగులో చెప్పి, సంతకం పెట్టొచ్చో లేదో చెప్పడం నా పని. పోయినేడాది మొగల్రాజపురం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నలుగురు మనుషుల ఆఫీసు. జర్మనీలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌ల కంపెనీకి అపాయింట్‌మెంట్ యాప్ చేసిపెడుతున్నారు. అసలు కాంట్రాక్టు మీద సంతకాలు ఆరు నెలల కిందటే అయిపోయాయి. ఇప్పుడు క్లయింటు దానికి తోకగా, జనం వివరాలు ఎలా వాడాలో చెప్పే ‘డేటా ప్రాసెసింగ్ అడెండమ్’ అని పద్నాలుగు పేజీలు పంపాడు. ‘అక్కా, ఇది ఫార్మాలిటీ అంట, సాయంత్రంలోపు పంపెయ్యమన్నారు’ అన్నాడు. ఆ ‘ఫార్మాలిటీ’ అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఆ కథ ఇంకోసారి.

‘ప్రాసెసర్’ అనే మాట దగ్గరే ఆగిపోయాడు. ఫోన్లో ఉండే చిప్పు అనుకున్నాడు పాపం. తిట్టలేం, వాడు రోజంతా వాడే మాట అదే. అప్పుడు దర్జీ సంగతి చెప్పాను. వస్త్రలతలో గుడ్డ కొని దర్జీకి ఇచ్చావు. గుడ్డ నీది, ఎలా కుట్టాలో చెప్పేది నువ్వు. ఆ జర్మనీ కంపెనీ కంట్రోలర్, నువ్వు ప్రాసెసర్. వాళ్ళు రాతపూర్వకంగా చెప్పినంత వరకే ఆ పేర్లనీ ఫోన్ నంబర్లనీ నువ్వు ముట్టుకోవాలి. మిగిలిన ముక్కలు కూడా వాళ్ళవే, పని అయ్యాక తిరిగివ్వాలి లేదా చెరిపెయ్యాలి. దర్జీ కాజాలు బయట కుట్టిస్తాడు చూశావా, నీకు ఎస్సెమ్మెస్ పంపేవాడూ, సర్వరు అద్దెకిచ్చేవాడూ ఆ కాజాల మనిషి లాంటివాళ్ళు. కాగితంలో వాళ్ళ పేరు సబ్‌ప్రాసెసర్. కొత్తవాణ్ణి పెట్టుకుంటే క్లయింటుకి ముందే చెప్పాలి, నీ మీదున్న షరతులే వాడి మీదా పెట్టాలి, వాడు గుడ్డ పాడుచేస్తే సమాధానం నువ్వే చెప్పాలి. ఇంతవరకు చక్కగా ఎక్కింది. ‘అయితే మొన్న యాప్ క్రాష్ రిపోర్టుల కోసం ఒక కొత్త సర్వీస్ కలిపాం, అది కూడా చెప్పాలా?’ అని వాడే అడిగాడు. ఆ రిపోర్టులో పేషెంటు ఫోన్ నంబరు కనిపిస్తోంది మరి. చెప్పాలి. ఆ రోజే చెప్పించాను.

కొంప మునిగింది పదకొండో పేజీలో. డేటా బ్రీచ్ తెలిస్తే ‘వితౌట్ అన్‌డ్యూ డిలే, అండ్ ఇన్ ఎనీ ఈవెంట్ వితిన్ ట్వెంటీఫోర్ అవర్స్ ఆఫ్ బికమింగ్ అవేర్’ క్లయింటుకి చెప్పాలట. నేను నిఘంటువు పెట్టుకు కూర్చున్నదానిలా చెప్పాను. బ్రీచ్ అంటే ఉల్లంఘన. అన్‌డ్యూ డిలే అంటే అనవసర ఆలస్యం. అవేర్ అంటే ఎరుక కలగడం. ఏ పత్రికలో అచ్చేసినా తప్పు పట్టేవాడుండడు. వాడు తలాడించాడు, సంతకం పెట్టాడు, నా ఫీజు ఇచ్చి వెళ్ళాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక శనివారం రాత్రి 10:20కి వాళ్ళ ఇంటర్న్ కుర్రాడు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. ‘అన్నా, ఈ లింకు నా ఫోన్లో లాగిన్ లేకుండానే ఓపెన్ అవుతోంది.’ టెస్టింగ్ కోసమని అసలు డేటాబేస్ కాపీ తీసి క్లౌడ్ స్టోరేజీలో పడేశారు. అందులో 1,860 మంది పేషెంట్ల పేర్లు, ఫోన్లు, ఏ నొప్పికి ఏ రోజు వచ్చారో ఆ వివరాలు. తాళం వెయ్యలేదు, పందొమ్మిది రోజులుగా అలాగే ఉంది. (టెస్టింగుకి అసలు డేటా వాడమని క్లయింటు ఎక్కడా రాసివ్వలేదు. దర్జీ నీ గుడ్డతో ముందు వాళ్ళబ్బాయికి చొక్కా కుట్టి చూసుకున్నట్టు.) మన కుర్రాడు వెంటనే లేచి 11:05కి లింకు మూసేశాడు. గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టి పడుకున్నాడు.

ఆదివారం ఆఫీసు లేదు. సోమవారం, ఎవరైనా డౌన్‌లోడ్ చేశారేమోనని లాగ్‌లు వెతికాడు. ఆ స్టోరేజీని ఎవరు తెరిచారో రాసిపెట్టే యాక్సెస్ లాగింగ్ మనం పనిగట్టుకుని ఆన్ చేసుకోవాలి, వాళ్ళు చెయ్యలేదు. సోమవారమంతా దాంతోనే సరిపోయింది. మంగళవారం పొద్దున నాకు ఫోన్. ‘అక్కా, ఇది క్లయింటుకి చెప్పాల్సిందేనా? హ్యాక్ ఏం అవలేదుగా?’

నేను గడువు దాటి రెండో రోజు అన్నాను. వాడి జవాబు ఇప్పటికీ మరిచిపోలేను. ‘మీరే కదక్కా అనవసర ఆలస్యం వద్దన్నారు? ఫిక్స్ చెయ్యడం, లాగ్‌లు చూడడం అవసరమే కదా. అవసరమైన ఆలస్యమే చేశాం.’

ఏం చెప్పను? తెలుగు ప్రకారం వాడిదే రైటు. నేనిచ్చిన మాటల్లోంచి వాడు తప్పేమీ తియ్యలేదు. ‘ఉల్లంఘన’ అంటే ఎవడో గోడ దూకి రావాలి అనుకున్నాడు. యూరప్ వాళ్ళ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ లెక్కలో బ్రీచ్ చాలా పెద్ద సంచీ. బయటివాడి కంట పడడం ఒకటే కాదు, పొరపాటున డిలీట్ అయిపోయినా, నంబర్లు తారుమారైనా, లాప్‌టాప్ బస్సులో మర్చిపోయినా బ్రీచే. బ్యాకప్ లేకుండా టేబుల్ చెరిపేసిన ఇంటర్న్ కూడా బ్రీచ్ చేసినట్టే. ‘ఎరుక కలగడం’ అంటే యజమానికి నమ్మకం కుదిరాక అనుకున్నాడు. మా కాగితంలో ఉద్యోగుల్లో ఎవరికి తెలిసినా తెలిసినట్టే అని ఉంది. జరిగిందని సహేతుకంగా నమ్మేంత తెలిస్తే చాలు, ఎంతమంది చూశారో తేలక్కర్లేదు. అంటే గడియారం మొదలైంది ఆ ఇంటర్న్ స్క్రీన్‌షాట్‌తో, శనివారం 10:20కి. ముగిసింది ఆదివారం రాత్రి 10:20కి. ఆదివారమని, దసరా అని గంటలు ఆగవు. జర్మనీలో అప్పుడెంతైంది అన్నదీ అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలు ఎక్కడైనా ఇరవై నాలుగే.

ఇప్పుడు ఆ క్లాజును చదివిస్తే నిఘంటువు జోలికి వెళ్ళను. ఇలా చెబుతాను: ‘పాడైందని ఆఫీసులో ఎవడి కంట పడ్డా, బాగుచేస్తూనే చెప్పు. బాగుచేశాక కాదు. ఏది ఏమైనా రేపు ఇదే టైముకి మెయిల్ వెళ్ళిపోవాలి.’ ఇందులో ఒక్క సంస్కృత పదం లేదు, అర్థం కానివాడూ లేడు.

అసలు క్లయింటుకి అంత తొందరెందుకని అడుగుతారు. జీడీపీఆర్ ముప్పై మూడో ఆర్టికల్ ప్రకారం కంట్రోలర్ తన దేశపు డేటా రక్షణ అథారిటీకి 72 గంటల్లో చెప్పాలి, జనానికి ప్రమాదం ఉండదనిపిస్తే తప్ప. ప్రాసెసర్‌కి చట్టంలో గంటల లెక్క లేదు, అన్‌డ్యూ డిలే వద్దని మాత్రమే ఉంది. కంట్రోలర్ గడియారం మామూలుగా మనం చెప్పినప్పుడే మొదలవుతుంది. అందుకే వాళ్ళు మన కాళ్ళకి 24 గంటల తాడు కడతారు. మనం నాలుగు రోజులు నాన్చితే రేపు అథారిటీ ‘నీ దర్జీ మీద నీ అదుపేది?’ అని వాళ్ళనే నిలదీస్తుంది. ఆ కోపం మన బిల్లు మీద చూపిస్తారు.

ఇంకో గడియారం మన దేశానిదే. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీక్ లాంటివి గమనించిన ఆరు గంటల్లో వాళ్ళకి తెలియజెయ్యాలి. మన లెక్కలో ఆదివారం తెల్లవారుజాము 4:20. ఈ మాట చెప్పినప్పుడు కుర్రాడి ముఖం చూడాలి. అవును, ఆ రోజు సంతకానికి ముందు ఇది కూడా నేను చెప్పలేదు. అడెండమ్‌లో లేదు కాబట్టి నాకూ తోచలేదు.

మంగళవారం వాడు రాసుకొచ్చిన మెయిల్ చదివితే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ‘చిన్న ఇష్యూ వచ్చింది, పరిష్కరించాం, ఎవరూ డేటా చూడలేదు.’ చూడలేదని నీకెలా తెలుసు నాయనా? లాగే లేదు కదా. ఆ వాక్యం కొట్టేసి ‘లాగింగ్ ఆన్‌లో లేదు కాబట్టి ఎవరైనా చూశారో లేదో చెప్పలేకపోతున్నాం’ అని రాయించాను. వాడికి గుండె ఆగినంత పనైంది. కానీ రేపు ఆ ఫైలు ఎక్కడైనా తేలితే మొదటి వాక్యం అబద్ధం అవుతుంది, రెండోది కాదు. ‘చిన్న’ తీసేశాం. ఎవరికి చిన్న? వెన్నునొప్పి సంగతి ఆఫీసులో దాచుకున్న మనిషికి చిన్నది కాదు. ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు మూశాం, ఎన్ని రోజులు తెరిచి ఉంది, సుమారు ఎంతమందివి, ఏ రకం వివరాలు, ఇంకా ఏం తెలియాలి, మళ్ళీ ఎప్పుడు చెబుతాం, ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంతే. అన్నీ తెలిసేదాకా ఆగక్కర్లేదు, విడతలుగా చెప్పొచ్చని చట్టమే అంటోంది. పేషెంట్లకి మనమే ఎస్సెమ్మెస్ పెడదామా అని వాడు మంచి మనసుతోనే అడిగాడు. వద్దు. వాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది కంట్రోలర్ తేల్చుకోవాలి, గుడ్డ వాళ్ళది.

ఎవరికి పంపాలన్నది ఇంకో గొడవ. వాడికి తెలిసిన జర్మనీ మనిషి ప్రాజెక్టు మేనేజరు ఒక్కడే, అదీ చాట్‌లో. నోటీసు వెళ్ళాల్సిన మెయిల్ ఐడీ వేరే, అది చివరి పేజీ అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంది. చాట్‌లో చెబితే చెప్పినట్టు కాదని కాగితంలోనే ఉంది. ఇక్కడ నాకు ఆ క్లయింటు మీదా కోపమే. ఇరవై నాలుగు గంటలు అని లావు అక్షరాల్లో వేసి, ఎక్కడికి చెప్పాలో మాత్రం పద్నాలుగో పేజీలో దాచడమేంటి? పైగా వాళ్ళ దగ్గర ఆదివారం ఆ మెయిల్ చూసేవాడు ఉన్నాడా? మనం అడగం, అడిగితే ప్రాజెక్టు పోతుందని భయం. నా అనుభవంలో ఇలాంటివి అడిగినందుకు ప్రాజెక్టు పోయినవాళ్ళు నాకు తగల్లేదు. 24 కి బదులు 48 అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. నోటీసు ఐడీని మొదటి పేజీలో వెయ్యమనొచ్చు.

క్లయింటు అరిచాడు, గంట గంటకీ ఏం జరిగిందో రాసిమ్మన్నాడు, రెండు ఇన్‌వాయిస్‌లు నెలన్నర ఆపాడు. కాంట్రాక్టు తెంచలేదు. ఆ నెలన్నర జీతాలు కుర్రాడు వాళ్ళ నాన్న దగ్గర తెచ్చి ఇచ్చాడని తర్వాత తెలిసింది. నా ఫీజు మాత్రం నేను తిరిగిచ్చేశాను. తీసుకోనంటే వాళ్ళ ఆఫీసు టేబుల్ మీద పెట్టి వచ్చాను.

నిన్న రాత్రి వాడి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంకో క్లయింటు, ఇంకో అడెండమ్. ‘అక్కా, ఇందులో 36 గంటలు ఇచ్చాడు, బాగానే ఉంది. కానీ యాక్చువల్ ఆర్ సస్పెక్టెడ్ అని ఉంది. అనుమానం వచ్చినా గడియారం మొదలైనట్టేనా? అయితే మా ఇంటర్న్ వారానికి రెండుసార్లు అనుమానపడతాడు.’ మొదలైనట్టే. ఆ సస్పెక్టెడ్ తీయించాలి, లేదా ‘సహేతుకమైన అనుమానం’ అన్న అర్థం వచ్చేలా మార్పించాలి. పదకొండింటికి కూర్చుంటున్నాం. ఇంటర్న్‌ని కూడా తీసుకురమ్మన్నాను.