పంజరంలో చూపించే పాలపిట్టకు నేను దండం పెట్టను

దసరా వస్తుందంటే నాకు ఒక చిరాకు మొదలవుతుంది. పాలమూరు వీధుల్లో పంజరాలు తిరుగుతాయి. "పాలపిట్టను చూడండమ్మా, మంచి జరుగుతది" అని గుమ్మం ముందు నిలబడతారు. మనం ఇరవయ్యో యాభయ్యో ఇచ్చి, దండం పెట్టి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుంటాం. అది మన రాష్ట్ర పక్షి. పట్టుకోవడం, బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ ఒక్కరోజు మాత్రం ఎవరికీ పట్టదు.

అసలు ఈ ఆచారం ఎట్లా నడిచేదో చూడండి. జమ్మి చెట్టు ఊరి పొలిమేరలో ఉండేది. సాయంత్రం ఊరంతా డప్పులతో అక్కడికి పోయి, పూజ చేసి, 'శమీ శమయతే పాపం' రాసిన చీటీ కొమ్మకు కట్టి, ఆకు తెచ్చుకొని, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాళ్లు. పాలపిట్ట కనబడేది ఆ దారిలోనే. వానలు తగ్గి, చెలకల్లో జొన్న, కంది ఎదిగి ఉన్న కాలం అది. మిడతలు, పురుగులు బాగా ఉంటాయి. ఈ పిట్ట కరెంటు తీగ మీదో మోడు మీదో కూర్చొని చాలాసేపు కిందికి చూస్తూ ఉంటుంది. పురుగు కదలగానే దిగి పట్టుకుంటుంది. కాబట్టి కనబడే అవకాశం బాగానే ఉండేది. కానీ కనబడి తీరాలన్న హామీ లేదు. నా లెక్కలో శకునం విలువంతా అక్కడే ఉంది. కనబడకుండా ఎగిరిపోయే స్వేచ్ఛ ఆ పిట్టకు ఉన్నప్పుడే అది కనబడటం అదృష్టం అవుతుంది. యాభై రూపాయలకు గ్యారంటీగా ఇంటికి వచ్చేదాన్ని డెలివరీ అంటారు.

ఇంకో సంగతి. పాలపిట్ట కూర్చున్నప్పుడు రొమ్ము గోధుమ రంగులో, చాలా మామూలుగా ఉంటుంది. రెక్క విప్పి ఎగిరినప్పుడే ఆ లేత నీలం, ముదురు నీలం మెరుస్తాయి. అంటే పంజరంలో మనం డబ్బిచ్చి చూసేది అందులో అందం లేని సగాన్ని.

పట్టే పద్ధతి మరీ ఘోరం. పండుగకు చాలా రోజుల ముందే వలతోనో జిగురుతోనో పడతారు. ఎగరకుండా రెక్క ఈకలు కత్తిరిస్తారు, లేదా అంటిస్తారు. కాళ్లు కట్టేస్తారు. పురుగులు తినే పిట్టకు పంజరంలో తిండి ఏం దొరుకుతుంది? దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. రెక్కల చివర్లు ఒకే వరుసలో తెగి ఉంటాయి, తోక ఈకలు విరిగి ఉంటాయి, పిట్ట నిలబడలేక కూలబడి ఉంటుంది.

కొందరు దయగలవాళ్లు పిట్టను కొని వదిలేస్తారు. మనసు మంచిదే, పని మాత్రం కాదు. కత్తిరించిన ఈక వెంటనే పెరగదు. పాత ఈక రాలి కొత్తది వచ్చేదాకా ఆగాలి. ఎగరలేని పిట్టను చెట్టు కింద వదిలితే సాయంత్రానికి కుక్కకో పిల్లికో ఆహారం. పైగా మీరిచ్చిన డబ్బుతో వచ్చే ఏడు ఇంకో రెండు పట్టుకొస్తారు. కొనకండి, అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. ఆ పిట్టకు కొన్నాళ్లు తిండి, సంరక్షణ కావాలి.

జమ్మి సంగతీ ఇంతే. చెట్టు దగ్గరికి పోయే ఓపిక లేక కొమ్మ నరికి తెచ్చి, టెంటు పక్కన గుంత తీసి పాతి, పూజ చేసి, తెల్లారి చెత్త బండిలో వేస్తున్నాం. రాజస్థాన్‌లో ఖేజ్రీ అనేది మన జమ్మే. 1730లో జోధ్‌పూర్ రాజు అభయ్ సింగ్ మనుషులు సున్నం బట్టీలకు కట్టె కోసం ఖేజర్లి గ్రామానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయ్ మహిళ చెట్టును కరుచుకొని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనుక మొత్తం 363 మంది చనిపోయారని చెబుతారు. అట్లాగని అక్కడివాళ్లు ఆ చెట్టును ముట్టుకోకుండా లేరు. కాయలు కూర వండుకుంటారు, ఆకు మేకలకు వేస్తారు. బిష్ణోయ్‌లకు ఉన్న కట్టుబాటు పచ్చని చెట్టు నరకొద్దని. వాడుకుంటూనే బతకనివ్వడం వాళ్ల భక్తి. మనం ఏడాదంతా ఆ చెట్టు మొహం చూడం, ఒక్కరోజు మొక్కి మండలు విరుస్తాం.

"పిట్టలు పట్టేవాళ్లు పేదోళ్లు, వాళ్ల పొట్ట కొడతావా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. పేదోళ్లే, ఒప్పుకుంటా. కానీ ఏడాదికి ఒక్క పండుగ మీద ఎవరి కుటుంబం బతుకుతుంది? నిజంగా అంత బాధ ఉంటే పంజరం చూడకుండానే ఆ యాభై ఇవ్వండి. వాళ్ల మీద కేసులు పెట్టి, గేటు దగ్గర దండం పెట్టిన మనల్ని వదిలేయడం నాకూ నచ్చదు. కొనేవాడు లేకపోతే పట్టేవాడు ఉండడు.

ఈసారి మా కాలనీ గ్రూపులో ఒక మాట పెట్టాను. పండుగ రోజు పొద్దున్నే పిల్లల్ని తీసుకొని ఊరి బయట చెలకల వైపు నడుద్దాం, కరెంటు తీగలు చూసుకుంటూ. ఒక పెద్దాయన అడిగారు, "మరి కనబడకపోతే ఎట్లా బాబూ?" కనబడకపోతే కనబడలేదు పెద్దయ్యా, ఇంటికొచ్చి బువ్వ తిందాం.