పొలం దున్నొద్దని చెప్పే ఆ బీమా మెసేజ్‌ని దయచేసి ఆపండి

"రైతు సోదరులకు హెచ్చరిక! వాతావరణ బీమా పెద్ద మోసం. 1) పంట ఎండినా, మునిగినా అధికారి వచ్చి చూసి రాసుకునేదాకా పొలంలో చెయ్యి పెట్టకండి, దున్నితే క్లెయిమ్ పోతుంది. 2) 72 గంటల్లో ఫోటోలు పంపకపోతే ఒక్క రూపాయి రాదు. 3) పంట బాగా పండినవాళ్ళకి పడ్డ డబ్బు వెనక్కి లాగేస్తారు. 4) వాన కొలిచే మిషన్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది, కట్టింది తిరిగి రాదు. అందరికీ షేర్ చేయండి."

ఈ నెలలో ఇది నాకు ఐదోసారి వచ్చింది. పంపినవాళ్ళు మంచివాళ్ళే, రైతుకి మేలు చేస్తున్నామనే అనుకుంటున్నారు, అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నిన్న మా బావమరిది కూడా పంపాడు. ఇక ఊరుకోలేను, ఎందుకంటే ఆ మొదటి ముక్కని నమ్మి మా ఇంట్లోనే ఒక సీజన్ పోయింది.

అనంతపురం వైపు వేరుశనగకి ఏళ్ళ తరబడి నడిచింది ఈ వాతావరణ బీమానే, అంటే పంటని చూసి కాకుండా పడిన వానని కొలిచి డబ్బిచ్చే బీమా. మా చిన్నమామకి మూడెకరాలు. జులైలో విత్తనం వేశాడు, ఆగస్టులో చినుకు లేదు. ఆకులు ముడుచుకుపోయి, చెట్టు పీకితే ఊడలు మట్టిలోకి దిగకుండా గాల్లోనే ఎండిపోయి కనిపించాయి. ఎవరో ఇలాగే చెప్పారు, అధికారి వచ్చేదాకా ముట్టుకోవద్దని. దాదాపు నాలుగు వారాలు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. రారు కూడా, ఎందుకంటే ఈ బీమాలో వాన లోటుకి పొలం చూసే పనే లేదు. సెప్టెంబరులో వాన పడితే గట్టు అవతలాయన అప్పటికే దున్నేసి ఉన్నాడు కాబట్టి ఉలవలు చల్లుకున్నాడు, మా మామ చేలో మాత్రం ఎండిన శనగచెట్లే నిలబడి ఉన్నాయి. చివరికి బీమా డబ్బు ఇద్దరికీ ఎకరాకి ఒకే లెక్కన పడింది. దున్నినాయనకి ఒక్క పైసా తగ్గలేదు. మా మామకి ఉలవలు పోయాయి, పశువులకి ఉలవ పొట్టు కూడా లేకుండా పోయింది.

ఎందుకు తగ్గలేదో లెక్క చూస్తే తెలుస్తుంది. టర్మ్ షీట్ అని ఒక కాగితం ఉంటుంది, దాంట్లో పంట కాలాన్ని దశలుగా విడగొట్టి ఒక్కో దశకి ఇంత వాన పడాలి అని రాసి ఉంటుంది. తేలిక కోసం నేనే కొన్ని అంకెలు వేస్తాను. పూత, ఊడలు దిగే దశలో 100 మిల్లీమీటర్లు పడాలి, అంతకన్నా తగ్గిన ప్రతి మిల్లీమీటరుకీ హెక్టారుకి 75 రూపాయలు, 20కో అంతకన్నా కిందికో పడిపోతే పూర్తి మొత్తం 6,000 అనుకుందాం. ఆ దశలో మీ చేనుకి లెక్కగట్టే వాన కొలిచే స్టేషన్‌లో ఒక రోజు 38, ఇంకో రోజు 9, మిగతా మూడు రోజులు ఒకటిన్నర చొప్పున తుంపర పడింది. కొన్ని టర్మ్ షీట్లలో ఆ తుంపరని లెక్కలోకి తీసుకోరు, అది నేల తడపదు కాబట్టి. అప్పుడు లెక్కకొచ్చిన వాన 47, లోటు 53, డబ్బు 3,975. అంతే. దీంట్లో మీ చేను ఎక్కడుంది? మీరు దున్నారా, పశువుల్ని వదిలారా, అలాగే ఉంచారా అన్నది ఏ గడిలోనూ లేదు. అధిక వర్షానిదీ ఇదే పద్ధతి, గీత దాటి పైకెళ్ళిన వానకి లెక్క కడతారు.

కానీ ఒకటి మాత్రం చూసుకోండి. వేసిన పంట ఈ-పంటలో మీ పేరు మీద నమోదయ్యాకే దున్నండి. పంటే వెయ్యలేదని తేలితే బీమా చెల్లదు. నమోదు అయిపోయాక ఎండిన చేనుకి కాపలా కాయడం అనవసరం.

రెండోది సగం నిజం, అందుకే ఇంకా ప్రమాదం. వాతావరణ బీమాకి తోడుగా వడగళ్ళకీ, మేఘం బద్దలై కురిసే కుంభవృష్టికీ విడిగా రక్షణ తీసుకుని ఉంటే, అక్కడ మాత్రం 72 గంటల్లో చెప్పాలి, మనిషి వచ్చి పొలం చూడాలి. దిగుబడి లెక్కన నడిచే ఫసల్ బీమాలో నీటమునకకి కూడా ఇలాంటి నియమమే ఉంది. రెండు పథకాల్నీ కలిపి ఎవరో వండిన మెసేజ్ ఇది. మీ పంట ఏ పథకంలో ఉందో రసీదు మీదే రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

మూడోదానికి రెండు మాటలు చాలు. లాగరు. బోరు కింద పండించుకున్నాయనకీ అదే మండలంలో అదే లెక్కన డబ్బు పడుతుంది, అది ఆయన చేసిన తప్పు కాదు, కొలిచింది వానని, ఆయన పంటని కాదు.

నాలుగోది చదివినప్పుడు మాత్రం కొట్టిపారేయలేకపోయాను. మన దేశంలో ఈ పద్ధతి మొదలైంది 2003లో మహబూబ్‌నగర్‌లో, వేరుశనగ, ఆముదం రైతులతో. ఆ తొలినాళ్ళ వాన పాలసీలను పరిశోధకులు పాత వర్షపాత రికార్డులతో సరిచూస్తే, కట్టిన ప్రతి 100 రూపాయలకీ సగటున తిరిగొచ్చేది సుమారు 30 రూపాయలేనని తేలింది. కాబట్టి కట్టింది రాదన్న రైతు కోపంలో న్యాయం ఉంది. ఇప్పుడు ఖరీఫ్ నూనెగింజలకి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు, మిగతాది ప్రభుత్వాలు కడతాయి, అందుకే అదే లెక్క ఇప్పుడు రైతుకి అంత నష్టం కాదు. అంతేగానీ పాలసీ చవకైనదని నేను అనను.

మిషన్ సంగతి. ఎవరో కావాలని తిప్పుతారన్నదానికి ఆధారం లేకుండా మాట్లాడొద్దు, అసలు బాధ వేరే ఉంది. స్టేషన్ ఒకచోట, చేను ఇంకోచోట. మా ఊళ్ళో చెరువు గట్టుకి ఈవల దుమ్ము లేస్తుంటే ఆవల గుంటలు నిండిన రోజులు నేను చూశాను. అలాంటప్పుడు స్టేషన్ దగ్గర వాన పడి మీ చేను ఎండిపోతే మీకేమీ రాదు, ఈ బీమాలో అన్నిటికన్నా పెద్ద లోపం అదే, దాన్ని ఏ ఫోటో కూడా సరిచెయ్యలేదు. రెండో బాధ, మిషన్ చెడిపోవడం. పైన గరాటులో ఆకులో, పిట్ట రెట్టో అడ్డుపడితే వాన పడుతున్నా సున్నా చూపిస్తుంది, లేదా ఆగిన నీళ్ళు మెల్లగా దిగి మర్నాటి ఖాతాలో పడతాయి. చుట్టుపక్కల మండలాలన్నీ తడిసిన రోజున మీ స్టేషన్ ఒక్కటే సున్నా చూపిస్తే అనుమానించాలి. అప్పుడు దగ్గర్లోని ప్రత్యామ్నాయ స్టేషన్ అంకె తీసుకోవాలని అడిగే హక్కు మీకుంది.

అందుకని ఫోటోలకి బదులు ఒక క్యాలెండర్ పెట్టుకోండి. పొద్దున ఎనిమిదిన్నరకి అంతకుముందు 24 గంటల లెక్క ముగిసి ఆ రోజు తేదీ మీదే పడుతుంది, కాబట్టి ఎనిమిదిన్నర దాటాక పగలు పడినా రాత్రి పడినా ఆ వానని మర్నాటి తేదీలో రాయండి. మీ రసీదు మీదున్న స్టేషన్ పేరుకి రోజూ వచ్చే అంకెని పక్కనే రాసుకోండి. రెండూ వరసగా నాలుగైదు రోజులు కలవకపోతే, దశ ముగిసేదాకా ఆగకుండా అప్పుడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, తర్వాత ఇస్తే మిషన్ ఆ రోజు ఎలా ఉందో ఎవరూ చూసి చెప్పలేరు.

బావా, నువ్వు మొదట పంపిన గ్రూపులో దీన్ని కూడా పెట్టు. వాళ్ళలో ఇద్దరి చేలు ఇప్పుడు ఎండిపోయి ఉన్నాయి, ఉలవలకి ఇంకా అదును దాటలేదు.