ఫీజు కట్టే ముందు బంతులు లెక్కపెట్టండి

మొన్న ఆదివారం మా బావ ఫోన్ చేసి, "చిట్టీ పాడేస్తే 40 వేలు చేతికొస్తాయి, పిల్లాణ్ణి ఈసారి పెద్ద అకాడమీలో వేసేద్దాం, ఏమంటావు" అన్నాడు. వద్దు బావా అన్నాను. అక్కకి కోపం వచ్చింది, మాట్లాడటం మానేసింది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే పరిస్థితిలో ఉన్న ఇళ్లు నాకు తెలిసినవే ఇంకో నాలుగున్నాయి.

మా మేనల్లుడికి 12 ఏళ్లు, గుంటూరులో ఏడో తరగతి. బావ మిర్చి యార్డులో గుమస్తా, నెలకి 19 వేలు. అక్క ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పిల్లాడు నిజంగా ఆడతాడు. మేనల్లుడని చెప్పడం లేదు, నేను జిల్లా అండర్-19 దాకా ఆడినవాణ్ణి, ఆట ఉన్న పిల్లాడెవడో, ఊరికే బాదే పిల్లాడెవడో నాకు తెలుస్తుంది. ఆ వయసు పిల్లలు చాలామంది ఏ బంతి పడినా ముందుకే వచ్చేస్తారు. వీడు బంతి పొట్టిగా పడితే వెనక్కి వెళ్తాడు, అదీ తొందర లేకుండా వెళ్తాడు. ఇది ఎవరూ నేర్పలేదు వాడికి.

పోయిన ఏడాది ఆరు నెలలు ఒక అకాడమీకి పంపారు. నెలకి ఫీజు 2,500, ఆటోలకి 900, టోర్నమెంట్ల పేరుతో సగటున ఇంకో 600. అంటే 4 వేలు. జీతంలో ఐదో వంతు పైనే. నాలుగో నెలలో ఒక గురువారం సెలవు పెట్టి నేనే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. జేబులో ఫీజు రసీదు ఉంటే దాని వెనకాల పెన్నుతో గీతలు పెడుతూ లెక్కపెట్టాను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా బ్యాచ్. 36 మంది పిల్లలు, మూడు నెట్లు. మొదటి అరగంట పరుగు, క్యాచ్‌లు. మిగిలింది గంటన్నర, నెట్‌కి 12 మంది. అంటే ఒక్కొక్కడికి ఏడున్నర నిమిషాలు, అందులోనే ప్యాడ్లు కట్టుకోవడం, విప్పి పక్కవాడికి ఇవ్వడం. వీడు ఎదుర్కొన్నవి 24 బంతులు. వేసేది కూడా తోటి పిల్లలే కాబట్టి అందులో ఏడు బ్యాటుకి అందనంత దూరంగా పోయాయి. వీడు వేసినవి మాత్రం 48, అంటే ఎనిమిది ఓవర్లు. డబ్బు కట్టి బ్యాటింగ్ నేర్చుకోవడానికి వెళ్లిన పిల్లాడు ఎక్కువసేపు వేరేవాళ్లకి బౌలింగ్ వేసి వచ్చాడు. కోచ్ వీడితో అన్న మాటలు రెండు. ఒకటి "మోచెయ్యి పైకి", రెండోది "నెక్స్ట్".

వారానికి నాలుగు రోజులు, నెలకి 16 రోజులు, రోజుకి 24 బంతులు. కలిపితే 400 కూడా కాదు. 4 వేలని 400తో భాగిస్తే బంతికి పది రూపాయలు. ఇది చెబితే బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ అకాడమీ వాళ్లు మోసం చేశారని నేను అనను. 36 మందిని పెట్టుకుని ఎవరు నడిపినా అంతే జరుగుతుంది, లెక్క అలాంటిది. కానీ అక్కడ టోర్నమెంట్ల సంగతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆరు మ్యాచ్‌లు తీసుకెళ్లారు, ప్రతి దానికీ డబ్బు కట్టించుకున్నారు, వీణ్ణి ఎనిమిదో నంబర్‌లో పెట్టారు. ఆరు మ్యాచ్‌ల్లో రెండుసార్లు బ్యాటింగ్ వచ్చింది, మొత్తం ఎదుర్కొన్నది 9 బంతులు. పైన ఆడినవాళ్లు వీడికన్నా బాగా ఆడేవాళ్లా అంటే ఇద్దరు అవును, మిగతావాళ్లు పాత పిల్లలు, అంతే.

ఇక స్కూల్ సంగతి. అదేదో బంగారం అని నేను చెప్పబోవడం లేదు. అక్కడా కూర్చుని లెక్కపెట్టాను. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, 14 మంది, గ్రౌండ్ మధ్యలో మ్యాటింగ్ పరిచి ఆడిస్తారు పీఈటీ సార్. వీడికి వచ్చినవి 16 బంతులు, అంటే అకాడమీ కన్నా తక్కువే. కానీ అక్కడ ఇద్దరు బ్యాట్స్‌మెన్ ఉంటారు, చుట్టూ ఫీల్డర్లు ఉంటారు. కొడితే బంతి వలలో పడి ఆగదు, ఎవడో పట్టుకుంటాడు, లేదా పరుగు వస్తుంది. పిలవాలి, పరిగెత్తాలి, అవుటైతే బయటికి వచ్చి ఫీల్డింగ్ చెయ్యాలి. నెట్‌లో అవుటైనా ఇంకో బంతి వేస్తారు కాబట్టి పిల్లాడికి వికెట్ విలువ తెలియదు.

మొన్న స్కూల్ గేమ్స్ ముందు ఒక మ్యాచ్‌లో వన్‌డౌన్ వచ్చి ఏడు వికెట్లు పడ్డాక కూడా నిలబడ్డాడు. ఇంకా 20 పరుగులు కావాలి, అవతల ఉన్న పిల్లాడికి బ్యాట్ పట్టుకోవడమే సరిగ్గా రాదు. వీడు ప్రతి ఓవర్ చివరి బంతికి ఒక పరుగు తీసి స్ట్రైక్ తన దగ్గర పెట్టుకున్నాడు. చివరికి ఓడిపోయారు, నాలుగు పరుగులతో. ఇంటికొచ్చి అన్నం తినకుండా, "మామయ్యా, ఆ ఓవర్లో రెండో పరుగు తియ్యకుండా ఉండాల్సింది" అని పదిసార్లు చెప్పాడు. ఆ ఒక్క ముక్క ఏ నెట్‌లో నేర్పిస్తారు? స్కూల్ టీమ్‌లో అయిదు మ్యాచ్‌ల్లో వాడు 140 బంతుల దాకా ఆడాడు. అక్కడ ఆరు మ్యాచ్‌ల్లో ఆడినవి తొమ్మిదే.

స్కూల్లో ఉన్న లోటు కూడా చెప్పాలి. లెదర్ బంతి పోటీలకి నెల ముందు బయటికి తీస్తారు, మిగతా రోజులన్నీ టెన్నిస్ బంతే. టెన్నిస్ బంతి నడుము ఎత్తుకి తేలి వస్తుంది, అడ్డంగా లాగితే సరిపోతుంది. అలా ఆరు నెలలు ఆడితే చెయ్యి అడ్డం తిరుగుతుంది. తర్వాత లెదర్ బంతి కింద జారుతూ వస్తే బౌల్డో, ఎల్బీనో. ఇంకోటి భయం. మీ పిల్లాడికి భయం పట్టుకుందో లేదో తెలుసుకోవాలంటే బౌలర్ వెనకాల నిలబడి వాడి వెనక కాలు చూడండి. బంతి వచ్చేటప్పుడు ఆ కాలు స్క్వేర్ లెగ్ వైపు జరిగిందంటే భయం మొదలైనట్టే. మావాడికి జూలైలో అలాగే జరుగుతుండటం చూశాను. దీన్ని స్కూల్ సరిచెయ్యదు, సార్‌కి అంత తీరిక లేదు, ఆయన కబడ్డీ కూడా చూసుకోవాలి, ఖోఖో కూడా చూసుకోవాలి.

మరి బంతులు ఎక్కడ దొరుకుతాయి? త్రోడౌన్‌లలో. పెద్దవాళ్లొకరు 14, 15 అంగల దూరంలో నిలబడి చేత్తో విసిరితే అరగంటలో 100 బంతులు అయిపోతాయి. అంటే అకాడమీలో నాలుగు రోజుల బ్యాటింగ్ ఇంటి పక్క సందులో ఒక్క పూటలో అవుతుంది. నేను వారానికి మూడు రోజులు వెళ్తున్నాను, మిగతా రోజుల్లో బావే వేస్తున్నాడు. బావకి క్రికెట్ రాదు, అయినా ఒకే చోట పడేలా విసరడం వారంలో వచ్చేసింది. మొదట సింథటిక్ బంతి, రెండు వారాల తర్వాత నెమ్మదిగా లెదర్ బంతి, హెల్మెట్, ఎల్-గార్డ్ పెట్టుకునే. ఈ రెండింటిలో మాత్రం పాతవీ చవకవీ చూడొద్దు. బ్యాట్ దగ్గర ఆదా చెయ్యండి. ఈ వయసులో కశ్మీర్ విల్లో చాలు, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని పెద్ద సైజు కొనకండి. పై చెయ్యి ఒక్కదాంతో బ్యాట్ పట్టుకుని ముందుకి చాపమనండి, పది అంకెలు లెక్కపెట్టేలోపు వణికితే అది వాడికి బరువైన బ్యాటే. బరువైన బ్యాట్‌తో పిల్లాడు కింది చేత్తో లాగడం అలవాటు చేసుకుంటాడు, అది మానిపించడానికి ఏళ్లు పడుతుంది. కాలు జరగడం సెప్టెంబర్ చివరికి తగ్గింది, పూర్తిగా పోలేదు.

అకాడమీయే ఇవ్వగలిగినవి రెండున్నాయి, అవి కాదనను. టర్ఫ్ వికెట్, తెలిసినవాడి కన్ను. వాటికోసం నెలంతా కట్టక్కర్లేదు. మా దగ్గర ఒక పాత రంజీ ఆటగాడు ఆదివారాలు గంటకి 300 తీసుకుని ఒకేసారి నలుగురినే చూస్తాడు. నెలకి 1,200, రెండు లెదర్ బంతులు 800. కలిపి 2 వేలు, పాత ఖర్చులో సగం. ఎండాకాలంలో జిల్లా స్పోర్ట్స్ అథారిటీ వాళ్ల కోచింగ్ క్యాంపు ఉంటుంది, దానికీ పంపుతాం.

అక్క భయం వేరు. ఇప్పుడు వెయ్యకపోతే వెనకబడిపోతాడని. అక్కా, బీసీసీఐ మగపిల్లలకి దేశం మొత్తం మీద పెట్టే పెద్ద టోర్నమెంట్లు మొదలయ్యేదే అండర్-16లో, విజయ్ మర్చంట్ ట్రోఫీతో. అంతకు ముందున్నది జిల్లా, రాష్ట్ర అసోసియేషన్ల అండర్-14, స్కూల్ గేమ్స్ అండర్-14. వీటికి పిలిచేది పరుగులు చూసి, రసీదులు చూసి కాదు. నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్‌లో 1,237 పరుగులు చేశాడు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. వాళ్ల నాన్న ఉద్యోగం మానేశారన్న సగం కథే అందరూ చెబుతారు. అసోసియేషన్ కంట్లో పడ్డాక కడప అకాడమీలో శిక్షణ దొరికిందన్న మిగతా సగం ఎవరూ చెప్పరు. తిలక్ వర్మ నాన్న ఎలక్ట్రీషియన్, కోచ్ సలాం బయాష్ ఆట చూసి తనే తీసుకెళ్లి నేర్పించాడు. సిరాజ్ అసలు చాలా కాలం టెన్నిస్ బంతితోనే ఆడాడు, కానీ అతను బౌలర్, బ్యాట్స్‌మన్‌కి అంత ఆలస్యం పనికిరాదు, ఆ ఉదాహరణ నేను వాడను.

కాబట్టి బావకి నేను చెప్పింది ఇదే. జిల్లా టీమ్ ఎంపికకి పిలిచే ప్రాబబుల్స్ జాబితాలో పేరు వచ్చిన రోజు అకాడమీ గురించి మాట్లాడదాం, అప్పుడు ఫీజు తగ్గించమని మనమూ ధైర్యంగా అడగొచ్చు, చాలాచోట్ల తగ్గిస్తారు. లేదా ఆదివారాలు నేర్పే ఆ రంజీ ఆటగాడు "నా వల్ల అయ్యేది అయింది, వీడికి రోజూ టర్ఫ్ కావాలి" అన్న రోజు. అప్పుడు కూడా చేర్చే ముందు ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెడదాం, నెట్‌కి ఆరుగురు దాటితే లేచి వచ్చేద్దాం. చిట్టీ మాత్రం అప్పటిదాకా పాడొద్దు.

ఒకాయన వయసు రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ చేయిద్దామన్నాడు బావతో. అండర్-16కి వచ్చేసరికి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, దొరికిపోతాడు, పిల్లాడి పేరు పోతుంది. నేను గట్టిగానే తిట్టాను ఆయన్ని.

అండర్-14 సెలక్షన్స్‌కి బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ అడుగుతారు. మావాడి బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు లేదు, ఆధార్‌లో ఉంది. రేపు పొద్దున మ్యాటింగ్ ప్రాక్టీస్ అయ్యాక బావా నేనూ మున్సిపల్ ఆఫీసుకి వెళ్తున్నాం. అక్క కూడా వస్తానంది, ఇవాళ సాయంత్రమే ఫోన్ చేసింది.