ఏడో నెలలో మొదటి చెకప్

“మా నానమ్మ పదహారేళ్లకే కన్నది, ఇప్పుడెందుకీ టెన్షన్?” అని చిన్న వయసు గర్భాల గురించి ఒకరు అడిగారు.

నేను పీహెచ్‌సీలో నర్సుని. పోయినేడు పదహారేళ్ల పిల్లను ఏడో నెలలో మొదటిసారి తీసుకొచ్చారు. చెప్పుల పట్టీలు దిగబడేంత కాళ్లవాపు. ఇంట్లోవాళ్లు నీరసమనుకున్నారట! బీపీ ఎక్కువై 150/100, మూత్రంలో ప్రొటీన్, రక్తం తగ్గి హిమోగ్లోబిన్ 7. అదే పూట పెద్దాసుపత్రికి పంపాం.

ఆ వయసులో కటి ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి, బిడ్డ వచ్చే దారి ఇరుకవ్వచ్చు. తన ఎదుగుదలకే చాలని రక్తాన్ని బిడ్డతో పంచుకోవాలి. మూడు నెలల్లోపే వచ్చుంటే మొదటి బీపీ ఎంతో కార్డులో ఉండేది, పెరగగానే పట్టుకునేవాళ్లం. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు పడితే రక్తం పట్టడానికి టైమ్ దొరికేది. ఏడో నెలలో ఆ టైమ్ ఎక్కడిది? వాపుతోపాటు తలనొప్పి, కళ్లు మసకలుంటే తెల్లారేదాకా ఆగకండి.