రిఫండ్ అంటే సబ్సిడీ కాదు, లేటైన డబ్బు వడ్డీతో పూడదు

"ఎక్స్‌పోర్టర్లకి జీఎస్టీ రిఫండ్ అంటే మనం కట్టిన టాక్సులోంచి ఇచ్చే సబ్సిడీయే. మనకి బిస్కట్ ప్యాకెట్ మీద రూపాయి కూడా వెనక్కి రాదు, వాళ్ళకి లక్షలు. పైగా కాస్త లేటైతే గోల. లేటైనా వడ్డీతో సహా ఇస్తారుగా, నష్టమేంటి? లెక్కలు శుభ్రంగా ఉన్నవాడికి సిస్టమే ఆటోమేటిక్‌గా వేసేస్తుంది, ఆగిందంటే ఏదో తేడా ఉన్నట్టే. రెండు నెలలు ఆగలేనోడికి బిజినెస్ ఎందుకు?"

ఇది నాకు ఈ వారంలోనే మూడు గ్రూపుల్లో వచ్చింది. నేను బాలానగర్ వైపు చిన్న చిన్న యూనిట్లకి లెక్కలు రాస్తుంటా, అందులో ఇద్దరు ముగ్గురు బయటి దేశాలకి సరుకు పంపేవాళ్ళున్నారు, కాబట్టి చూసి ఊరుకోలేకపోయా.

ముందు సబ్సిడీ సంగతి. ఒక చిన్న మెషినింగ్ యూనిట్ అనుకోండి, స్టీల్ రాడ్లు కొని లేత్ మీద వాల్వ్ పార్టులు చేసి జర్మనీకి పంపుతుంది. నెలకి 50 లక్షల సరుకు. దానికోసం 30 లక్షల స్టీలూ టూల్సూ వగైరా కొంటుంది, వాటి మీద 18 శాతం జీఎస్టీ అంటే 5.40 లక్షలు డీలర్ల బిల్లులోనే కట్టేస్తుంది. జీతాలు, కరెంటు, అద్దె, రవాణా, బ్యాంకు వడ్డీ కలిపి ఇంకో 16 లక్షలు. మిగిలేది 4 లక్షలు. (ఇవి నేను లెక్క సులువుగా ఉండాలని వేసిన అంకెలు, కానీ నేను చూసే యూనిట్ల లెక్క దీనికి మరీ దూరం కాదు.)

ఇప్పుడు చూడండి, ఆ 5.40 లక్షలు ఈయన జేబులోంచి పోయాయి, డీలర్ల చేతుల మీదుగా ప్రభుత్వానికి చేరాయి. వెనక్కిచ్చేది అదే డబ్బు, మీదీ నాదీ కాదు. ఎందుకివ్వాలి అంటే జీఎస్టీ వాడకం మీద వేసే పన్ను, సరుకు ఎక్కడ వాడితే అక్కడి సర్కారుకి వెళ్ళాలి. ఆ వాల్వ్ పార్టు జర్మనీలో దిగగానే అక్కడ 19 శాతం వ్యాట్ పడుతుంది. మనం కూడా జర్మనీ మెషిన్ తెచ్చుకుంటే ఇక్కడి పోర్టులో ఐజీఎస్టీ, అంటే రాష్ట్రమో దేశమో దాటే సరుకు మీద పడే జీఎస్టీ, కట్టించుకుంటాం కదా, అదే రూలు అటువైపు నుంచి. బిస్కట్ ప్యాకెట్ మీద మీకు వెనక్కి రానిది ఎందుకంటే ఆ బిస్కట్ మీరిక్కడే తిన్నారు కాబట్టి. ఇలా కట్టిన పరోక్ష పన్నుని కట్టినంత వరకు వెనక్కిస్తే అది సబ్సిడీ కిందకి రాదని డబ్ల్యూటీఓ సబ్సిడీల ఒప్పందంలోనే రాసుంది. కట్టినదానికంటే ఎక్కువిస్తేనే సబ్సిడీ. మరి ఇక్కడ ఎక్కువివ్వడం సంగతి అటుంచి, డీజిల్ మీదా కరెంటు మీదా పడే పన్నులు జీఎస్టీలో లేవు గనక ఈ రిఫండ్‌లో రావు.

ఇంకో మాట. పై లెక్కలో లాభం 4 లక్షలు, టాక్సు 5.40 లక్షలు. అంటే ఆ టాక్సు రాకపోతే లాభం తగ్గడం కాదు, నెల మొత్తం నష్టమే. మిగతాదంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

ఇక "ఆటోమేటిక్" అనేదానికి వద్దాం, ఎక్కువమంది నమ్మేది ఇదే. రిఫండ్‌కి రెండు దార్లున్నాయి. ఒకటి, ఎగుమతి బిల్లు మీద ఐజీఎస్టీ కట్టి పంపడం, అప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం, అదే షిప్పింగ్ బిల్లే, రిఫండ్ అప్లికేషన్ అవుతుంది, కస్టమ్స్ సిస్టమ్ దాన్ని జీఎస్టీ రిటర్న్‌తో పోల్చుకుని బ్యాంకులో వేసేస్తుంది. ఆటోమేటిక్ అంటే ఇదే, నిజంగానే సరిగ్గా నడిస్తే త్వరగా వస్తుంది. కానీ మన యూనిట్ ఈ దారి పట్టాలంటే 50 లక్షల మీద 18 శాతం, అంటే 9 లక్షల ఐజీఎస్టీ కట్టాలి, చేతిలో క్రెడిట్, అంటే కొనుగోళ్ళ మీద ముందే కట్టిన టాక్సు, ఉన్నది 5.40 లక్షలే, మిగతా 3.60 లక్షలు ప్రతి నెలా క్యాష్‌లో కట్టి మళ్ళీ దానికోసం ఎదురుచూడాలి. ఆ క్యాష్ ఎక్కడిది? అందుకే చిన్నవాళ్ళు చాలామంది రెండో దారి, ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చి టాక్సు కట్టకుండా పంపి, వాడుకోలేకపోయిన క్రెడిట్ రిఫండ్ అడుగుతారు. ఇందులో ఆటోమేటిక్ ఏమీ లేదు, పోర్టల్‌లో RFD-01 అనే రిఫండ్ అప్లికేషన్ వేయాలి, ఆఫీసర్ చూడాలి. (ఈ దారిలో మెషిన్ల మీద కట్టిన జీఎస్టీ రిఫండ్ లెక్కలోకే రాదు, 30 లక్షల లేత్ కొంటే దాని మీది 5.40 లక్షలు క్రెడిట్ లెడ్జర్‌లో అలా కూర్చునే ఉంటాయి. దాని గురించి ఎవరూ మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యరు.)

లెక్కలు శుభ్రంగా ఉన్నా ఆగేవి ఎలా ఆగుతాయో చెప్తా. స్టీల్ డీలర్ తన అమ్మకాల రిటర్న్ GSTR-1 వేయలేదనుకోండి, ఆ బిల్లు మనవాడి క్రెడిట్ చూపించే GSTR-2B లో కనపడదు, డబ్బులిచ్చేసినా ఆ క్రెడిట్ మీద ఆ నెల రిఫండ్ లేదు. తప్పు డీలర్‌ది, ఆగేది ఈయనకి. మొదటి దారిలో అయితే, సనత్‌నగర్ కంటైనర్ డిపో నుంచి రైల్లో పోర్టుకి వెళ్ళిన సరుకుకి ఓడ బయల్దేరిన రికార్డు పోర్టు దగ్గర షిప్పింగ్ లైన్ వెయ్యాలి, వాళ్ళు వెయ్యకపోతే స్క్రీన్ మీద SB006 అనే ఎర్రర్ కోడ్ వచ్చి రిఫండ్ ఆగుతుంది. ఇన్వాయిస్ నంబర్‌లో ఒక గీత షిప్పింగ్ బిల్లులో ఉండి రిటర్న్‌లో లేకపోతే SB005. ఈ SB005 మాత్రం మనవాళ్ళ తప్పే, ఒప్పుకుంటా, కానీ ఒక గీతకి నెలల శిక్ష అనేది ఎక్కడి న్యాయం.

దొంగ ఇన్వాయిస్‌లతో రిఫండ్లు కొట్టేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, కేసులూ ఉన్నాయి, ఆఫీసర్లకి చెకింగ్ అవసరం లేదని నేననను. అందుకే చట్టంలోనే మధ్యేమార్గం పెట్టారు: అప్లికేషన్ అందిందని 15 రోజుల్లో RFD-02 ఇవ్వాలి, ఆ తర్వాత 7 రోజుల్లో 90 శాతం తాత్కాలికంగా ఇచ్చేసి, మిగతాది చూసుకుని 60 రోజుల్లో తేల్చాలి. 2025 అక్టోబర్ నుంచి ఈ 90 శాతం ఎవరికనేది సిస్టమ్ చూపించే రిస్క్‌ని బట్టి. అనుమానం ఉన్నవాడిని ఆపడానికి దారి ఉందిగా, మరి ఆగిన ప్రతివాడినీ దొంగ అనడం ఎందుకు?

ఇప్పుడు వడ్డీ. ఇది కాస్త నింపాదిగా చదవండి. ఏప్రిల్ కొనుగోళ్ళ మీద 5.40 లక్షలు. ఏప్రిల్ రిటర్న్స్ మే 20 కి పూర్తవుతాయి, మే 25 న RFD-01 వేశాడు. వేసిన నిమిషమే ఆ మొత్తం క్రెడిట్ లెడ్జర్‌లోంచి తీసేస్తారు, అంటే ఈలోపు లోకల్ అమ్మకాల టాక్సుకి వాడుకుందామన్నా లేదు. అన్నీ టైమ్‌కి జరిగితే జూన్ 15 ప్రాంతంలో 90 శాతం రావాలి. రాలేదు, మొత్తం కలిపి సెప్టెంబర్ 15 న వచ్చింది అనుకుందాం. ఆ మూడు నెలలు ఆయన బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అదే ఓడీ, మీద నడిపాడు, 11 శాతం వడ్డీ అయితే దాదాపు 15,000. ప్రభుత్వం ఇచ్చేది 6 శాతం, అది కూడా అప్లికేషన్ వేసిన 60 రోజుల తర్వాతి నుంచే, అంటే జూలై 24 తర్వాతి రోజు నుంచి లెక్క, సుమారు 4,700 వస్తుంది.

అది కూడా అప్లికేషన్‌లో వంక దొరకకపోతే. జూన్ 9 న, అంటే ఆ 15 రోజులు అయిపోతుండగా, స్టేట్‌మెంట్‌లో ఒక షిప్పింగ్ బిల్ నంబర్ తప్పుందని RFD-03 వచ్చిందనుకోండి. లోపం చూపించే ఆ మెమో వస్తే పాత అప్లికేషన్‌ని సరిచెయ్యడం ఉండదు, మళ్ళీ కొత్తది వెయ్యాలి, 60 రోజులూ మళ్ళీ మొదటినుంచి. జూన్ 25 న మళ్ళీ వేస్తే వడ్డీ ఆగస్టు 24 తర్వాతే మొదలు, సెప్టెంబర్ 15 కి వచ్చేది రెండు వేల లోపు. ఓడీకి పోయింది మాత్రం అదే 15,000. నేను రాసే ఒక యూనిట్‌కి ఇలా ఒకే నెల క్లెయిమ్ మీద రెండుసార్లు మెమో వచ్చింది, రెండోసారి చూపించిన లోపం మొదటి అప్లికేషన్‌లోనూ ఉన్నదే, అప్పుడే చెప్పి ఉంటే ఒక్కసారితో అయ్యేది. ఆ ఓనరు ఒక మాటన్నాడు, "వడ్డీ సంగతి దేవుడెరుగు సార్, గడియారం అన్నా ఆపకుండా ఉంటే చాలు" అని.

అయినా వడ్డీ తేడా అసలు దెబ్బ కాదు, పదివేల గురించి ఎవడూ యూనిట్‌కి మూత పెట్టడు. అసలు దెబ్బ ఆ మెసేజ్ చివరి వాక్యంలో ఉంది, రెండు నెలలు ఆగలేనోడు అన్నారే, అక్కడ.

ఒక నెల టాక్సు కాదండీ ఆగేది. అంతా సవ్యంగా జరిగినా కట్టిన రోజుకీ వెనక్కొచ్చిన రోజుకీ మధ్య సుమారు రెండు నెలలు, అంటే రెండు నెలల టాక్సు 10.80 లక్షలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటుంది. ఈ రెండు నెలలు అందరూ ఆగుతూనే ఉన్నారు, అది ముందే లెక్క వేసుకుని దిగిన డబ్బు. ఇంకో మూడు నెలలు లేటైతే జూన్, జూలై, ఆగస్టు టాక్సులు కూడా ఏప్రిల్, మే వెనకే క్యూలో నిలబడతాయి, ఐదు నెలలది కలిపి 27 లక్షలవుతుంది. అదనంగా ఇరుక్కున్నది 16.20 లక్షలు. ఆయన నెలకి స్టీలుకీ టూల్సుకీ టాక్సుతో సహా పెట్టేది 35.40 లక్షలు, అంటే దాదాపు సగం నెల కొనుగోలు డబ్బు మాయం. బ్యాంకుకెళ్తే స్టాకు, రావలసిన బిల్లులు చూసి లిమిట్ లెక్కేస్తారు, జీఎస్టీ రిఫండ్ రావాలి సార్ అంటే మా బ్యాంకులో దాన్ని లెక్కలోకి తీసుకోరు. జర్మనీ వాడు సరుకు చేరిన అరవై రోజులకి గానీ డబ్బు పంపడు. స్టీల్ డీలర్ అడ్వాన్స్ లేకుండా లారీ దించడు.

సరే, సగం స్టీలే కొన్నాడు. సగం పార్టులే తయారయ్యాయి, 25 లక్షల సరుకు. ముడిసరుకు ఖర్చు కూడా సగమై 15 లక్షలయింది, బానే ఉంది. కానీ జీతాలు, అద్దె, కరెంటు మినిమమ్, వడ్డీ సగమవవు కదా, 16 లక్షల్లో రవాణా లాంటివి తగ్గి మహా అయితే 14.50 అవుతుంది. 25 లోంచి 29.50 తీసేస్తే నాలుగున్నర లక్షల నష్టం. నాలుగు లక్షల లాభం రావాల్సిన చోట ఇది. ఆర్డర్ ఉంది, మెషిన్ ఉంది, పనివాడు ఉన్నాడు, రావలసిన డబ్బు కూడా పేపరు మీద భద్రంగా ఉంది, చేతిలో మాత్రం లేదు.

పెద్ద కంపెనీకి ఇదే లేటు జరిగితే? వాళ్ళకి లోకల్ అమ్మకాలు కూడా ఉంటాయి, ఎగుమతి సరుకు మీది క్రెడిట్‌ని రిఫండ్ అడక్కుండానే లోకల్ టాక్సు కింద సర్దేసుకుంటారు. ఉత్పత్తంతా బయటికే పంపే చిన్న యూనిట్‌కి ఆ వెసులుబాటు లేదు, రిఫండ్ ఒక్కటే దారి.

ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడే ఎగుమతిదారుల డబ్బు ఇరుక్కుపోయి, అక్టోబర్ 6 న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని జూలై నెల రిఫండ్లు అక్టోబర్ 10 నుంచి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. రెండు నెలలు ఆగలేనివాళ్ళ గురించి కౌన్సిలే కూర్చోవాల్సి వచ్చిందన్నమాట.

నేను చెప్పిన ఆ రెండు మెమోల ఓనరు, ఆ మెమోలు వచ్చిన ఏడాది దసరా ముందు వచ్చిన రెట్టింపు ఆర్డర్‌ని వద్దనుకున్నాడు. ధర నచ్చకా కాదు, మెషిన్ సరిపోకా కాదు, రెట్టింపు స్టీలు కొంటే రెట్టింపు టాక్సు కట్టాలి, అది ఎప్పుడు తిరిగొస్తుందో తెలీదని.