నాలుగు మెయిల్ అడ్రస్‌లు, ఒకే ఇన్‌బాక్స్: వేటిని కలపాలి, వేటిని కలపకూడదు

మొన్న వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. అసోసియేషన్ సెక్రటరీని నేనే కాబట్టి ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్‌కి ఎంత పడుతుందో లెక్క రాసి ఓనర్లందరికీ ఫోన్‌లోంచే మెయిల్ పెట్టాను. పది నిమిషాలకి మూడో అంతస్తు ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "ఇది మీ కంపెనీ పంపిన నోటీసా అండీ?" తెరిచి చూస్తే ఆ మెయిల్ నా ఆఫీసు అడ్రస్ నుంచి వెళ్లింది. అడుగున కంపెనీ సర్వర్ ప్రతి మెయిల్‌కీ తగిలించే హెచ్చరిక కూడా ఉంది, ఇందులోని సమాచారం గోప్యమని. ట్యాంకర్ రేటులో గోప్యం ఏముందో మా వాచ్‌మన్‌ని అడగాలి. నవ్వులాట అలా ఉంచితే, తర్వాత రెండు రోజులు ఓనర్ల జవాబులన్నీ ఆఫీసు ఇన్‌బాక్స్‌లోనే పడ్డాయి. అసోసియేషన్ ట్రెజరర్‌కి ఒక్కటీ కనిపించలేదు.

నేను చూసుకునే అడ్రస్‌లు నాలుగు. బ్యాంకూ, కరెంటు బిల్లూ, బంధువులూ ఉన్న సొంత జీమెయిల్ ఒకటి, ఆఫీసుది ఒకటి. మూడోది అసోసియేషన్‌ది, దాని పాస్‌వర్డ్ ట్రెజరర్ దగ్గర కూడా ఉంటుంది. నాలుగోది నాన్నది. పెన్షన్ కబుర్లు, ఇన్సూరెన్స్ రెన్యువల్స్ దానికే వస్తాయి, ఆయన మెయిల్ తెరవడం మానేసి చాలా కాలమైంది. మన ఇళ్లలో నలభై దాటిన చాలామంది పరిస్థితి కాస్త అటూ ఇటూగా ఇదే. వీటన్నిటినీ ఒక్కచోట కలిపి చూడాలా, వేటికవి విడిగా తెరవాలా అన్న చర్చ ఎప్పుడూ చదవడం సులువా కష్టమా అన్న దగ్గరే తిరుగుతుంది. నాకు దెబ్బ తగిలింది మాత్రం రాసేటప్పుడు. అందుకే ఈ ప్రశ్నని నేను ఆ వైపు నుంచి చూస్తాను.

కలిపి చూపించే ఇన్‌బాక్స్ నిజానికి పెట్టె కాదు, కిటికీ. ఐఫోన్ మెయిల్ యాప్‌లో ఉండే All Inboxes గానీ, కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ చూపించే Unified Folders గానీ ఉత్తరాలని ఒకచోటికి తరలించవు. ఏ ఖాతా ఉత్తరం ఆ ఖాతా సర్వర్‌లోనే ఉంటుంది. తేదీల వరసలో అన్నిటినీ కలిపి మనకు చూపిస్తాయంతే. దీనివల్ల వచ్చిన ఉత్తరానికి జవాబిస్తే చిక్కు లేదు. అది ఏ అడ్రస్‌కి వచ్చిందో యాప్‌కి తెలుసు, జవాబు అక్కడి నుంచే పోతుంది. కొత్తగా ఉత్తరం మొదలుపెట్టినప్పుడే చిక్కంతా. కలిపిన కిటికీలో నిలబడి కొత్త మెయిల్ నొక్కితే మీరు ఏ ఖాతాలో ఉన్నారో చెప్పే ఆధారం యాప్‌కి ఉండదు. అప్పుడు సెట్టింగ్స్‌లో ముందే ఎంచి పెట్టిన డిఫాల్ట్ ఖాతాని తీసుకుంటుంది. అదే ఒక ఖాతా ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి కొత్త మెయిల్ మొదలుపెడితే ఆ ఖాతా నుంచే వెళ్తుంది. అప్పట్లో నా ఫోన్‌లో Default Account ఆఫీసుది. ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు.

చాలామంది తమకి ముఖ్యమైన ఖాతాని డిఫాల్ట్‌గా పెట్టుకుంటారు. నేను సరిగ్గా దానికి ఎదురు చెబుతాను. పొరపాటున వెళ్లినా తక్కువ నష్టం చేసే ఖాతా ఏదో అదే డిఫాల్ట్ కావాలి. ఆఫీసు విషయం సొంత జీమెయిల్ నుంచి వెళ్తే మేనేజర్ ఒక మాట అంటాడు, మళ్లీ పంపిస్తే సరిపోతుంది. అపార్ట్‌మెంట్ గొడవ కంపెనీ పేరుతో వెళ్తే వెనక్కి తీసుకోవడం ఉండదు. కాబట్టి నలుగురిలోకీ సాధువు సొంత ఖాతాయే. ఐఫోన్‌లో ఈ సెట్టింగ్‌కీ, జాబితాలో ఖాతాల వరసకీ సంబంధం లేదు. వరసలో సొంత ఖాతాని పైకి లాగినంత మాత్రాన అది డిఫాల్ట్ అయిపోదు, మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా మార్చాలి. థండర్‌బర్డ్‌లో అయితే Account Settings తెరిచి, ఖాతాని ఎంచుకుని, Account Actions కింద Set as Default నొక్కాలి.

ఇంకో ప్రమాదం కాస్త చాటుగా ఉంటుంది. అసోసియేషన్ అడ్రస్‌ని ఇద్దరం ఒకే పాస్‌వర్డ్‌తో వాడుతున్నాం కదా. ఉత్తరం చదివామా లేదా అన్న గుర్తు మన ఫోన్‌లో ఉండదు, సర్వర్‌లో ఉంటుంది. కలిపిన ఇన్‌బాక్స్‌లో గబగబా వేలితో జరుపుతూ లిఫ్టు రిపేరు కొటేషన్‌ని నేను తెరిచి వదిలేస్తే ట్రెజరర్ ఫోన్‌లో కూడా దాని బోల్డ్ అక్షరాలు పోతాయి. సెక్రటరీ చూశాడు కదా, ఆయనే చూసుకుంటాడని ఆయన అనుకుంటాడు. నేనేమో పెన్షన్ కబురుకీ ఆఫీసు మీటింగ్‌కీ మధ్యలో దాన్ని మరిచిపోతాను. విడిగా తెరిచే ఇన్‌బాక్స్‌లో ఈ మతిమరుపు తక్కువ, ఎందుకంటే అక్కడికి అసోసియేషన్ పని మీదే వెళ్తాం. ఇలాంటి ఉమ్మడి ఖాతాని కలిపిన కిటికీలోకి తేవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఇప్పుడు మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు తీసుకున్న పనికి వాళ్ల పేరున్న లేబుల్ తగిలిస్తాం, లేబుల్ లేని ఉత్తరం చదివినట్టు కనిపించినా ఎవరూ తీసుకోనట్టే లెక్క.

అలాగని నాలుగింటినీ నాలుగు గదుల్లో పెడితే నాలుగో గది తలుపు ఎవరూ తీయరు. నాన్న ఖాతా అలాగే అయింది. హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ గుర్తుచేస్తూ మూడు మెయిళ్లు వస్తే మూడూ నేను తెరవని ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోయాయి. ఏజెంట్ ఫోన్ చేశాడు కాబట్టి గడువులోపు కట్టగలిగాం. వారానికి రెండు మూడే వచ్చి, వాటిలో ఒకటి మాత్రం తప్పక చూడాల్సిన ఖాతా అంటే కలిపిన ఇన్‌బాక్స్ కోసమే పుట్టినట్టు. పైగా వచ్చేవి చాలావరకు బ్యాంకులూ కంపెనీలూ పంపే, జవాబు అక్కర్లేని మెయిళ్లు. పొరపాటున తప్పు పేరుతో రాసే అవకాశమే తక్కువ.

ఇలాంటి ఖాతాకి ఫార్వర్డింగ్ పెట్టుకుంటే చాలదా అని కొందరంటారు. నాన్న జీమెయిల్‌కి వచ్చేవన్నీ నా జీమెయిల్‌కి వచ్చేలా చేయడం తేలికే. కానీ అది కిటికీ కాదు, నిజంగా తరలింపు. ఉత్తరం నా ఖాతాకి వచ్చినట్టే కాబట్టి జవాబు నా పేరుతో పోతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో నాన్న అడ్రస్‌ని Send mail as కింద చేర్చి, Reply from the same address the message was sent to అన్నది ఎంచుకుంటే తప్ప ఈ చిక్కు తీరదు. మిగతా కంపెనీల మెయిల్‌ని జీమెయిల్ వెబ్‌లోకి లాగే Check mail from other accounts సౌకర్యాన్ని 2026లో ఆపేస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. దాన్ని నమ్ముకుని కొత్తగా ఏర్పాట్లు చేసుకోవడం దండగ.

కలిపే ముందు సొంత జీమెయిల్‌ని కాస్త శుభ్రం చేయాలి. జీమెయిల్‌లో చూసేటప్పుడు అంగళ్ల ప్రకటనలు Promotions ట్యాబ్‌లో నక్కి ఉంటాయి. థండర్‌బర్డ్ లాంటి వేరే యాప్‌కి ఆ ట్యాబులు తెలియవు, దానికి అవన్నీ ఇన్‌బాక్సే. కలిపిన మొదటి రోజున నాన్న పెన్షన్ మెయిల్ చీరల డిస్కౌంట్ల మధ్య పడుంది. జీమెయిల్‌లో ప్రకటనలు పంపే అడ్రస్‌లకి ఫిల్టర్ రాసి, Skip the Inbox (Archive it) టిక్ పెట్టి, ఒక లేబుల్ ఇస్తే అవి ఏ యాప్‌లోనూ ఇన్‌బాక్స్‌లోకి రావు. ఓ గంట పని.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్‌లో నాలుగు ఖాతాలూ ఉన్నాయి, కలిపిన ఇన్‌బాక్స్‌లో మాత్రం నావీ నాన్నవీ రెండే. దానికి File మెనూలో New కింద Saved Search తెరిచి ఈ రెండు ఇన్‌బాక్స్‌లనే ఎంచుకున్నాను. ఫోన్‌లో ఇంత వెసులుబాటు లేదు. ఐఫోన్ All Inboxes అంటే ఆ యాప్‌లో ఉన్న ఖాతాలన్నీ వచ్చేస్తాయి. అందుకని యాప్‌లనే గోడలుగా వాడుకున్నాను. మెయిల్ యాప్‌లో సొంతదీ నాన్నదీ ఉంటాయి, అసోసియేషన్‌ది జీమెయిల్ యాప్‌లో, ఆఫీసుది ఔట్‌లుక్ యాప్‌లో. ఆండ్రాయిడ్ వాళ్లకి థండర్‌బర్డ్ యాప్ 2024 అక్టోబర్‌లో వచ్చింది. అందులో ఏ ఫోల్డర్ కలిపిన ఇన్‌బాక్స్‌లోకి రావాలో విడివిడిగా చెప్పుకోవచ్చు, ఖాతాకో రంగు కూడా ఇవ్వొచ్చు. ఉత్తరం పక్కన కనిపించే ఆ రంగు నాలాంటి తొందరపాటు మనిషికి బాగా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ జాబితాలో వరస గురించి కూడా తల బద్దలు కొట్టుకున్నాను. ముఖ్యమైనది పైన అని అందరూ చేసేదే చేస్తే ఆఫీసు పైనా, దాని కిందే అసోసియేషనూ వచ్చాయి. పక్కపక్కనే ఉన్న రెండిటి మీదే చెయ్యి జారుతుంది. ఒకదాని బదులు ఇంకోటి నొక్కితే నష్టం ఎక్కువ ఉన్న జంటని దూరం పెట్టాలి. ఇప్పుడు అన్నిటికంటే పైన అసోసియేషన్, దాని కింద సొంతం, తర్వాత నాన్న, అట్టడుగున ఆఫీసు. చెయ్యి ఒక మెట్టు జారినా అసోసియేషన్ మెయిల్ నా సొంత పేరుతో వెళ్తుంది, అంతకంటే ఏమీ కాదు. ఖాతాలని పైకీ కిందికీ లాగడానికి Account Settings చాలు.

పేర్లు కూడా మార్చాను. థండర్‌బర్డ్ పూర్తి అడ్రస్‌నే ఖాతా పేరుగా పెడుతుంది. నావీ నాన్నవీ ఇంటిపేరుతోనే మొదలవుతాయి కాబట్టి సన్నటి జాబితాలో సగం తెగిపోయి ఒకేలా కనిపించేవి. ఇప్పుడు 'సొంతం', 'నాన్న', 'అపార్ట్‌మెంట్', 'ఆఫీసు' అని తెలుగులోనే ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. థండర్‌బర్డ్‌లో Account Name మనకి మాత్రమే కనిపిస్తుంది. దానికి దగ్గర్లోనే ఉండే Your Name ఉత్తరం అందుకున్నవాళ్లకి కనిపిస్తుంది. మొదట నేను పొరపాటున రెండో దాంట్లో 'నాన్న' అని రాశాను. బ్యాంకు మేనేజర్‌కి వెళ్లిన ఉత్తరం పైన పంపినవారు 'నాన్న' అని కనిపించింది. ఆయన మంచివాడు, ఏమీ అనలేదు.

ఇలాంటివి ముందే పట్టుకోవడానికి ఐదు నిమిషాల పరీక్ష ఉంది. కలిపిన ఇన్‌బాక్స్‌లో ఉండి ఒక కొత్త మెయిల్, ప్రతి ఖాతా ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి ఒక్కో కొత్త మెయిల్, మీ ఇంట్లోవాళ్ల అడ్రస్‌కి పంపండి. వాళ్ల ఫోన్ తీసుకుని ఏది ఏ పేరుతో, ఏ అడ్రస్ నుంచి వచ్చిందో చూడండి. అడుగున సంతకం కూడా చూడండి. మీ ఫోన్‌లో చూస్తే లాభం లేదు, మీ అడ్రస్‌బుక్‌లో సేవ్ చేసుకున్న పేరు కనిపించి అంతా బాగున్నట్టే ఉంటుంది.

వచ్చే ఏడాది కమిటీ మారుతుంది. ఆ రోజు జీమెయిల్ యాప్‌లోంచి అసోసియేషన్ ఖాతా తీసేసి, ల్యాప్‌టాప్ జాబితాలో పైన ఉన్న ఒక వరస చెరిపేసి, కొత్త సెక్రటరీని పాస్‌వర్డ్ మార్చుకోమంటాను. కలిపిన ఇన్‌బాక్స్‌ని ముట్టుకోవాల్సిన పనే రాదు.